ట్రంకు పెట్టెలో భూమి కాగితాలు: ముందు ఏ వివరం తీయాలో తేల్చుకునే దారులు

దేవరకొండ వైపు ఒక ఊరి రైతులు తమ భూమి రికార్డుల్లోని తప్పులు సరిచేయించుకోవడానికి నల్లగొండలో ఒక న్యాయవాదిని ఆశ్రయించారు. వాళ్లు తెచ్చింది ఒక ఇనుప ట్రంకు పెట్టె, నాలుగు గుడ్డ మూటలు. అన్నీ విప్పి, ఏ ఇంటివి ఆ ఇంటివిగా ఉన్న వరుస చెడకుండా పేర్చితే 14 కట్టలు అయ్యాయి. గుండుసూదితో కలిపి ఉన్నవాటిని ఒకటిగా లెక్కిస్తే మొత్తం 1,860 కాగితాలు. వాటిలోని వివరాలను కంప్యూటర్ పట్టికలోకి ఎక్కించే పని నాకు వచ్చింది. స్కాన్ చేసిన పుటలను చదివి వివరాలు తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి, దాని తప్పులు దిద్దే ఆపరేటర్లు ఇద్దరు. ఎవరు చేసినా ముందు ఒక సూచన పత్రం రాసి ఇవ్వాలి: ఏ కాగితంలో ఏ వివరం వెతకాలి, ఎక్కడ వెతకాలి, దొరకకపోతే ఏమి రాయాలి అని.

ఆ సూచన రాయడానికి చేతులు వెంటనే కీబోర్డు మీదికి పోతాయి. కానీ కుప్పలో ఏముందో తెలియకుండా రాసిన సూచన, కుప్పలో మనకు ముందుగా కనబడిన కాగితానికి మాత్రమే సరిపోతుంది. అందుకే నేను మొదటి వారమంతా ఒక్క వాక్యం కూడా రాయకుండా కాగితాలే చూశాను. ఆ వారంలో మూడు నిర్ణయాలు ఎదురయ్యాయి. నమూనా ఎలా తీయాలి, తీసినవాటిని ఎలా గుంపులు చేయాలి, ఏ వివరంతో మొదలుపెట్టాలి. ప్రతి చోటా రెండు మూడు దారులు ఉన్నాయి. ఏ దారి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

నమూనా: పైనుంచి తీయాలా, అంతటా తీయాలా, కట్టకట్టకూ తీయాలా

పైనుంచి యాభయ్యో అరవయ్యో తీసి చూడటం అందరూ చేసే పని. ట్రంకు పెట్టె విషయంలో దీనికి ఒక ప్రత్యేకమైన దోషం ఉంది. చివర పెట్టిన కాగితం పైన ఉంటుంది. నేను పైనుంచి 60 తీసి చూస్తే 52 కాగితాలు గత పదేళ్లవే: మీ సేవ కేంద్రంలో తీసిన, ఏటేటా భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే పహాణీ నకళ్లు, కొత్త పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సులు, ఆధార్ నకళ్లు. ఆ 60 చూసి సూచన రాసి ఉంటే ఖాతా నంబరు, పాసుపుస్తకం నంబరు, ఆధార్ నంబరు తీయమని రాసేదాన్ని. పెట్టె అడుగున ఉన్న కాగితాల్లో వీటిలో ఏదీ లేదు. తగాదా అంతా ఆ అడుగు కాగితాల దగ్గరే ఉంది.

రెండో దారి, మొత్తం 1,860కి వరుస సంఖ్యలు వేసి, చీటీలు తీసినట్టు అక్కడక్కడా తీయడం. ఇది నిజాయితీ గల పద్ధతి. ఎన్ని చూస్తే ఎంత నమ్మవచ్చో లెక్క కూడా కట్టవచ్చు. కుప్పలో ఏదైనా ఒక రకం నూటికి రెండు వంతున, అంటే సుమారు 37 కాగితాలు, ఉందనుకోండి. మీరు 60 తీస్తే ఆ రకం ఒక్కటి కూడా కంటబడకుండా పోయే అవకాశం నూటికి 30. అదే 150 తీస్తే నూటికి 5కి పడిపోతుంది. నేను నూట యాభై దగ్గర ఆగడానికి కారణం ఈ లెక్కే. నూటికి ఒకటి కంటే తక్కువగా ఉండే రకాలను పట్టుకోవాలని ఈ దశలో ప్రయత్నించకూడదు. వాటికోసం నమూనాను పెంచుతూ పోతే అది నమూనాగా మిగలదు.

అయితే ఈ దారిలో వరుస సంఖ్యలు వేయడమే పెద్ద పని. పైగా అరుదైన కాగితాలన్నీ ఒకే ఇంటి మూటలో ఉంటే, ఆ మూట చిన్నదైతే, చీటీ అటువైపు పడకపోవచ్చు. అందుకని మూడో దారి పట్టాను. ప్రతి కట్ట నుంచీ 11 చొప్పున తీశాను. 14 కట్టలు, 154 కాగితాలు.

కట్టకట్టకూ సమానంగా తీసినప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. పెద్ద కట్టలో 420 కాగితాలున్నాయి, చిన్న కట్టలో 35. పెద్దదాంట్లో తీసిన 11లో 9 పహాణీలు వచ్చాయి. చిన్నదాంట్లో తీసిన 11లో 9 సాదాబైనామాలు, అంటే రిజిస్టరు చేయించకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకపు కాగితాలు, వచ్చాయి. నమూనాలో రెండూ తొమ్మిదే, సమానంగా కనిపిస్తాయి. కానీ 420లో పదకొండింట తొమ్మిది వంతులంటే దాదాపు 344, 35లో అదే వంతు దాదాపు 29. కాబట్టి ఈ పద్ధతిలో వచ్చిన సంఖ్యలు ఏయే రకాలు ఉన్నాయో చెప్పడానికి పనికొస్తాయి. ఏది ఎన్ని ఉన్నాయో చెప్పాలంటే మాత్రం కట్ట పరిమాణంతో హెచ్చించి చూడాలి. పని ఎన్ని రోజులు పడుతుందని న్యాయవాది అడిగినప్పుడు ఈ హెచ్చించిన లెక్కే చెప్పాను.

కట్ట లోపల కాగితాలు తీయడానికి ఇన్నింటికి ఒకటి అనే అడుగు లెక్క సులువు. 420లో 11 కావాలంటే ప్రతి 38వ కాగితం తీస్తే సరిపోతుంది. మొదటిది ఎక్కడ మొదలుపెట్టాలో 1 నుంచి 38 లోపు చీటీ తీయాలి. ఇక్కడ నేను ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక కట్టలో ప్రతి రైతుకూ పాసుపుస్తకం, పహాణీ, ఆధార్ వరుసగా మూడేసి పెట్టి ఉన్నాయి. లెక్క సులువుగా ఉంటుందని అడుగు 39 పెట్టుకున్నాను. 39 మూడుతో భాగించబడుతుంది కదా, 11 సార్లూ ఆధార్ నకలే వచ్చింది. ఒకే రకం వరసగా రావడం మొదలైతే కట్టలో ఏదో క్రమం ఉందని అర్థం. అప్పుడు అడుగు మార్చాలి, లేదా ఆ కట్టను పేకముక్కల్లా నాలుగు చోట్ల విడదీసి తీయాలి.

ఇంకొక మెళకువ. గుండుసూది లేని చోట పుటలు విడిపోయి ఉంటాయి. విక్రయ దస్తావేజు పన్నెండు పుటలుంటే, రసీదు ఒక్క పుటే. పుటలను బట్టి తీస్తే దస్తావేజు పన్నెండు రెట్లు ఎక్కువగా చేతికి వస్తుంది. కాబట్టి చేతికొచ్చిన పుట కాగితం మొదటి పుట అయితేనే తీసుకోవాలి. నడిమి పుట అయితే దాన్ని అక్కడే వదిలి, మళ్లీ చీటీ తీయాలి. వదిలిన చోట పక్క పుటను తీసుకోవడం తప్పు. పన్నెండు పుటల కాగితం పక్కనున్నదానికి దానివల్ల అయాచితంగా ఎక్కువ అవకాశం వస్తుంది.

ఎక్కడ ఆగాలి? నేను ప్రతి 20 కాగితాలకూ కొత్త రకాలు ఎన్ని వచ్చాయో గీతలు గీసుకున్నాను. మొదటి ఇరవైలో 7, రెండో ఇరవైలో 4, తర్వాత 3, 1, 1. ఆ తర్వాత 40 కాగితాల్లో కొత్తది రాలేదు. మిగిలినవాటినీ చూశాను గానీ, కొత్త రకం ఆగిపోయిన ఆ చోటే సూచన రాయడానికి సిద్ధమవుతున్నామని చెప్పే గుర్తు.

గుంపులు: శీర్షిక, రూపం, కాగితం చెప్పే మాట

మూడు నిర్ణయాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

శీర్షికను బట్టి గుంపులు చేయడం తేలికగా కనిపిస్తుంది. "సర్టిఫికెట్" అని ఉన్నవన్నీ ఒక పక్కన, "రసీదు" అని ఉన్నవన్నీ ఇంకో పక్కన. కానీ మా నమూనాలో సర్టిఫికెట్ అనే మాట కింద రక్షిత కౌలుదారుకు ఇచ్చిన 38-ఇ పత్రం ఉంది, ఇనాం భూమిలో సాగుదారు హక్కుకు ఇచ్చిన ఓఆర్‌సీ ఉంది, సాదాబైనామాను క్రమబద్ధం చేస్తూ ఇచ్చిన 13-బి ఉంది, మరణ ధ్రువపత్రం ఉంది, కుల ధ్రువపత్రం కూడా ఉంది. మొదటి మూడింటిలో భూమి వివరం ఉంటుంది, చివరి రెండింటిలో ఉండదు. వీటన్నిటికీ ఒకే సూచన రాస్తే కుల ధ్రువపత్రంలో కూడా సర్వే నంబరు వెతుకుతారు. వెతికితే దొరకకపోవడమే మేలు. సాఫ్ట్‌వేర్ అయితే పత్రం సంఖ్యనే సర్వే నంబరని పట్టుకొచ్చే ప్రమాదం ఉంది.

రూపాన్ని బట్టి, అంటే ముద్రించిన పట్టికా, చేతిరాతా, స్టాంపు కాగితమా అని చూసి గుంపులు చేయడం ఇంకో దారి. స్కాన్ చేసేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. చేతిరాతకు వేరే అమరిక కావాలి, పాలిపోయిన కార్బన్ నకలుకు వేరే వెలుగు కావాలి. అయితే వివరాలు తీయడానికి ఇది తప్పుదోవ పట్టిస్తుంది. పహాణీ ఒకటే, కానీ మా నమూనాలో అది మూడు రూపాల్లో ఉంది: గీతల పుస్తకం నుంచి చేతితో రాసిచ్చిన నకలు, పాత కంప్యూటర్ ముద్రణ, మీ సేవ నకలు. రూపం చూస్తే మూడు గుంపులు, లోపల ఉన్న వివరాలు చూస్తే ఒకటే. దీనికి తలకిందులుగా, ఊళ్లో ఒకే రాతగాడు రాసిన సాదాబైనామాలు, అప్పు నోట్లు, పంపకాల కాగితాలు అచ్చంగా ఒకేలా ఉన్నాయి. అదే చేతిరాత, అదే రెవెన్యూ స్టాంపు, అడుగున అవే వేలిముద్రలు.

అలాంటి ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. నాలుగు మడతలు పడిన తెల్ల కాగితం, మడతల దగ్గర చిరిగి ఉంది. అమ్మినవారి పేరు, తండ్రి పేరు, కొన్నవారి పేరు, తండ్రి పేరు వరుసగా ఉన్నాయి. తర్వాత "నా స్వంత ఖుష్కి భూమి ఎ. 2-14 గుంటలు" అని ఉంది, ఖుష్కి అంటే మెట్ట. సర్వే నంబరు లేదు. దాని బదులు చెలక పేరు ఉంది, ఊళ్లో అందరికీ తెలిసిన పేరు. నాలుగు వైపులా హద్దులు రాశారు: తూర్పున ఒకరి చెలక, పడమర బాట, ఉత్తరాన వాగు, దక్షిణాన ఇంకొకరి భూమి. సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది. తేదీ ఉండాల్సిన చోట మడత చిరిగింది, సంవత్సరంలో చివరి రెండు అంకెలే మిగిలాయి. కింద ఇద్దరు సాక్షులు, రాసినవారి సంతకం.

ఈ కాగితాన్ని ఏ గుంపులో వేయాలో దీని రూపం చెప్పదు, శీర్షిక అసలే లేదు. ఇది చెప్పే మాట మాత్రం స్పష్టం: ఈ భూమి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారింది. ఆ మాటను పట్టుకుంటే గుంపులు వాటంతటవే ఏర్పడ్డాయి.

భూమి చేతులు మారిందని చెప్పేవి ఒక గుంపు: విక్రయ దస్తావేజులు, సాదాబైనామాలు, పంపకాల కాగితాలు, 13-బి, ఓఆర్‌సీ, 38-ఇ. ఫలానా సంవత్సరంలో ఈ భూమి ఎవరి పేరున ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో నమోదు చేసేవి రెండో గుంపు: 1954-55 ఖాస్రా పహాణీ నకళ్లు, చెస్సల పహాణీ, ఏటేటి పహాణీలు, హక్కుల నమోదు అయిన 1-బి, పాసుపుస్తకాలు. సొమ్ము కట్టినట్టు చెప్పేవి మూడోది: శిస్తు రసీదులు, సహకార సంఘం అప్పు రసీదులు. మనిషి గురించి, చుట్టరికం గురించి చెప్పేవి నాలుగోది: మరణ ధ్రువపత్రాలు, వారసుల పత్రాలు, ఆధార్. అయిదోది తేలనివి.

ఒక హెచ్చరిక. మొదటి గుంపులో వేసినంత మాత్రాన ఆ కాగితానికి చట్టం ముందు హక్కు వచ్చిందని కాదు. సాదాబైనామా రిజిస్టరు కాని కాగితం, 13-బి అధికారి ఇచ్చిన పత్రం. వాటి బరువు వేరు. ఆ తూకం న్యాయవాది పని. మనం చూస్తున్నది అవి ఏ ప్రశ్నకు జవాబిస్తున్నాయి అని మాత్రమే, ఎందుకంటే ఒకే ప్రశ్నకు జవాబిచ్చే కాగితాల్లో ఒకే రకం వివరాలు ఉంటాయి.

తేలనివి అనే గుంపు పెట్టడానికి కొందరు వెనకాడతారు. నేను గట్టిగా పెట్టమంటాను. మా 154లో 9 అందులో పడ్డాయి. ఆరు ఉర్దూ చేతిరాత కాగితాలు. నల్లగొండలోనే ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వాటిని చదివి పెట్టారు. నాలుగు శిస్తు రసీదులు, రెండు పాత పహాణీ నకళ్లు అని తేలింది. మిగిలిన మూడు ఇప్పటికీ తేలలేదు. వాటిని బలవంతంగా ఏదో గుంపులోకి తోసి ఉంటే, ఆ గుంపు సూచన చెడిపోయేది.

ముందు ఏ వివరం: అన్నిట్లో ఉన్నదా, తేలికైనదా, కలిపేదా

గుంపులు అయ్యాక, ప్రతి కాగితంలో ఏ వివరం చదవగలిగే స్థితిలో ఉందో గుర్తు పెట్టుకున్నాను. ఉర్దూ కాగితాలు చదవకముందు తీసిన లెక్క ఇది.

| వివరం | చేతులు మారినవి (31) | ఏటి నమోదు (67) | చెల్లింపులు (28) | మనుషులవి (19) |
|---|---|---|---|---|
| పేరు | 31 | 67 | 28 | 19 |
| గ్రామం | 31 | 66 | 25 | 17 |
| సంవత్సరం లేదా తేదీ | 27 | 64 | 26 | 19 |
| సర్వే నంబరు | 24 | 67 | 11 | 0 |
| విస్తీర్ణం | 29 | 67 | 3 | 0 |
| ఖాతా నంబరు | 6 | 41 | 9 | 0 |

పట్టిక చూడగానే పేరు ముందు తీయాలనిపిస్తుంది. అన్నిట్లోనూ ఉంది కదా. నేను పేరుతో మొదలుపెట్టలేదు. మన ఊళ్లలో ఒకే పేరు ఎంతమందికి ఉంటుందో అందరికీ తెలుసు. నమూనాలోనే తండ్రి పేరు వేరుగా ఉన్న మల్లయ్యలు ఆరుగురు తేలారు. అందులో ఒక మల్లయ్య ఒక కాగితంలో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో ఇంటిపేరు లేకుండా, మూడోదాంట్లో పొడి అక్షరంతో ఉన్నాడు. పేరు పట్టుకుని కాగితాలు కలిపితే ఇద్దరు మనుషులు ఒక్కరవుతారు, లేదా ఒకే మనిషి ముగ్గురవుతాడు. అన్నిట్లో ఉండటం ఒక గుణమే, కానీ కాగితానికీ కాగితానికీ సరిగ్గా ముడి వేయగలగడం అంతకంటే పెద్ద గుణం.

తేలికైన వివరంతో మొదలుపెట్టడం రెండో దారి. కొత్త పాసుపుస్తకాల్లో ఖాతా నంబరు అచ్చులో స్పష్టంగా ఉంటుంది, ఒక్క రోజులో వందలు ఎక్కించవచ్చు. పని సాగుతున్నట్టు కనిపించాలంటే ఇది బాగుంటుంది. కానీ పట్టికలో ఖాతా నంబరు వరుస చూడండి, చేతులు మారిన 31లో ఆరింటిలోనే ఉంది. పైగా అదే భూమికి పాత పహాణీలో ఒక ఖాతా నంబరు, 2018 తర్వాతి పాసుపుస్తకంలో ఇంకొకటి ఉన్న ఉదాహరణలు నమూనాలోనే అయిదు దొరికాయి. కాలంతో మారే సంఖ్యతో ముడి వేస్తే ఆ ముడి నిలవదు.

మిగిలింది సర్వే నంబరు. 154లో 102 కాగితాల్లో ఉంది. తగాదా భూమి గురించే కాబట్టి, భూమి నడిచిన దారిని చూపే రెండు గుంపుల్లో, 98కి 91 కాగితాల్లో ఉంది. గ్రామం, సర్వే నంబరు, సంవత్సరం, ఈ మూడూ కలిస్తే ఏ కాగితం ఏ భూమిదో, ఏ కాలానిదో తెలుస్తుంది. నేను మొదటి విడతకు ఎంచుకున్నవి ఇవే. విస్తీర్ణం రెండో విడతకు, పేరూ తండ్రి పేరూ మూడో విడతకు పెట్టాను. సర్వే నంబరును బట్టి కాగితాలు ఒక చోటికి చేరాక, ఆ చిన్న గుంపులో మల్లయ్య ఎవరో తేల్చడం సులువవుతుంది.

అయితే ఎంచుకున్న వివరానికి ఒక పరీక్ష పెట్టకుండా సూచన రాయకూడదు. 20 కాగితాలు తీసి ఇద్దరు ఆపరేటర్లకు వేర్వేరుగా ఇచ్చాను. ఏ సూచనా ఇవ్వలేదు, "సర్వే నంబరు, సంవత్సరం రాయండి" అన్నాను, అంతే. సర్వే నంబరు 17 కాగితాల్లో ఇద్దరూ ఒకేలా రాశారు. తేడా వచ్చిన మూడూ ఉప విభాగం దగ్గరే. 214/అ, 214/ఆ అని తెలుగులో ఉండే ఉప విభాగాలు కొన్ని ముద్రణల్లో A, AA అనీ, ఇ వచ్చేసరికి E అనీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. 214/E ని ఒకరు 214/ఇ అని, ఇంకొకరు 214/ఎ అని రాశారు. దీనికి మందు ఒకటే: కాగితంలో ఎలా ఉంటే అలాగే రాయాలి, మార్చి రాయకూడదు. మార్చిన రూపం పక్క గడిలో తర్వాత వేసుకోవచ్చు.

సంవత్సరం దగ్గర అంత మేలు జరగలేదు. 20లో 12 మాత్రమే కలిశాయి. తేడా వచ్చినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే కారణం తెలిసింది. 1975-76 పహాణీకి 2009లో ఇచ్చిన నకలు మీద రెండు కాలాలున్నాయి. ఒకరు నమోదు సంవత్సరం రాశారు, ఇంకొకరు ముద్ర కింద ఉన్న తేదీ రాశారు. ఇద్దరూ సరిగ్గానే చదివారు, అడగడంలోనే తప్పుంది. సంవత్సరం అనేది ఒక వివరం కాదు, రెండు: నమోదు చెప్పే సంవత్సరం, నకలు ఇచ్చిన తేదీ. ఈ పరీక్ష లేకపోతే 1975 నాటి సాగుదారు 2009 నాటివాడిగా పట్టికలో చేరి ఉండేవాడు, ఆ పొరపాటును తర్వాత పట్టుకోవడం చాలా కష్టం. ఉర్దూ కాగితాల్లో పాత రెవెన్యూ లెక్కల ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది, 1364 ఫసలీ అంటే 1954-55 ప్రాంతం. కానీ లెక్క వేసి రాయమని ఆపరేటర్లకు చెప్పలేదు. ఫసలీ అని రాసి, అంకె ఉన్నదున్నట్టు వేయమన్నాను.

రెండో విడతకు పెట్టినా, విస్తీర్ణం గురించి ఒక మాట ఇప్పుడే చెప్పాలి. "2-14" అన్నా "2.14" అన్నా మన దగ్గర రెండెకరాల పద్నాలుగు గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది 94 గుంటలు. కంప్యూటర్ దాన్ని దశాంశమనుకుంటే 85.6 గుంటలవుతుంది. పోయిన 8.4 గుంటలు, గుంటకు 121 చదరపు గజాల చొప్పున వెయ్యి గజాలకు పైనే. నమూనా చూస్తున్నప్పుడే ఇలాంటివి కనిపిస్తే ఎకరాలు ఒక గడి, గుంటలు ఒక గడి అని అప్పుడే నిర్ణయించుకోవాలి. చుక్క తర్వాతి రెండంకెలు 39 దాటాయంటే అది గుంటలు కాదని కూడా దీనితోనే తెలిసిపోతుంది. ఏ కాగితంలోనైనా హెక్టార్లు ఉంటే, అప్పుడు ఆ మాట కూడా రాసి తీరాలి.

గ్రామం తీసేటప్పుడు మండలం, జిల్లా కూడా తీయాలా అని ఆపరేటర్లు అడిగారు. వద్దన్నాను. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు కాగితాల్లో తాలూకా ఉంటుంది. 2016లో నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి, మండలాలూ కొన్ని మారాయి. ఒకే ఊరు మూడు చిరునామాలతో కనిపిస్తుంది. ఊరి పేరు ఒక్కటే మారకుండా ఉంది.

ఎవరికి ఏ దారి

కుప్ప వంద కాగితాల లోపు అయితే నమూనా మాటే వద్దు, అన్నీ చూడండి. కాగితాలన్నీ ఒకే కార్యాలయం నుంచి, ఒకే కాలానివి వచ్చి ఉంటే వరుస సంఖ్యలు వేసి అంతటా తీయడం చాలు. మహబూబ్‌నగర్‌లో ఒక మిత్రుడు వరి కొనుగోలు కేంద్రం చీటీలతో ఇలాగే చేశాడు, ఆయనకు కట్టల గొడవ లేదు. ఇళ్లనుంచి, మూటల్లో, తరాలుగా పోగైన కాగితాలైతే కట్టకట్టకూ తీయడమే నా సలహా. ఆ కట్ట సంఖ్యను చిన్న చీటీ మీద రాసి కాగితంతోనే ఉంచండి, అసలు కాగితం మీద పెన్సిలు గీత కూడా పడకూడదు. ఏ మూటలో దొరికిందన్నదే కొన్ని కాగితాలకు మిగిలిన ఏకైక ఆధారం. ఆ సర్వే నంబరు లేని సాదాబైనామా ఎవరిదో తేలింది దాని మూటను బట్టే. అదే మూటలోని పహాణీల్లో 2 ఎకరాల 14 గుంటలు ఉన్న భూమి ఒక్కటే ఉంది. హద్దులు ఇంకా సరిచూడాలి.

గుంపుల విషయంలో, స్కానింగ్ కోసం రూపాన్ని బట్టి, సూచన కోసం కాగితం చెప్పే మాటను బట్టి, రెండు రకాలుగా గుర్తులు పెట్టుకోవచ్చు. ఒకదానికి ఇంకొకటి అడ్డు కాదు. శీర్షికను మాత్రం ఉన్నదున్నట్టు రాసుకోండి, దాంతో గుంపులు చేయకండి.

మీ తగాదా భూమి గురించి కాకుండా వారసత్వం గురించి అయితే నా ఎంపిక మీకు సరిపోదు. అప్పుడు ముడి వేసేది మనిషే, కాబట్టి పేరూ తండ్రి పేరూ మొదటి విడతకు రావాలి, నాలుగో గుంపు కాగితాలతో పని మొదలవ్వాలి. అప్పుల లెక్క అయితే చెల్లింపుల గుంపులోని రసీదు సంఖ్య, తేదీ ముందుకొస్తాయి. పట్టిక అదే ఉంటుంది, అందులో ఏ వరుసను పట్టుకోవాలన్నది ప్రశ్నను బట్టి మారుతుంది.

సూచన రాసే ముందు చివరిగా, నమూనాలో లేని 40 కాగితాలు కొత్తగా తీసి, ఒక్కొక్కటి ఏ గుంపులో పడుతుందో చూశాను. 39 ఇబ్బంది లేకుండా పడ్డాయి. ఒకటి మాత్రం కొత్తది, బావి తవ్వకానికి పక్క రైతు ఇచ్చిన ఒప్పుదల కాగితం. భూమి చేతులు మారలేదు, సొమ్మూ కట్టలేదు. ఆ ఒక్కదానికోసం ఆరో గుంపు పెట్టలేదు. కట్ట సంఖ్య రాసి, తేలనివాటిలో వేసి, ఆ సాయంత్రమే సూచన పత్రం మొదటి వాక్యం రాశాను: "కాగితం ఏ గుంపుదో ముందు రాయండి. తేలకపోతే తేలలేదని రాయండి."